పావని కనుబొమ మీది మచ్చ

మా ఆయన మధుసూదన్ ఫోటోలు తీస్తాడు. ప్రొద్దుటూరులో మాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు ఇప్పుడు మాకు రావు. డ్రోన్లు ఎగరేసే పిల్లలు వచ్చాక, పెళ్ళికూతురిని వాగులో నడిపించి వీడియో తీసేవాళ్ళు వచ్చాక, మా ఆయనను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మిగిలింది బడులు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ప్రైవేటు బడుల్లో పిల్లల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసేది మేమే. మేము అంటే, తీసేది ఆయన, దువ్వేది నేను.

నవ్వకండి, దువ్వడం కూడా పనే. వరండాలో నీలం గుడ్డ కడతాం. దాని ముందర ఒక స్టూలు. పిల్లలు వరసలో వస్తుంటే నేను ఒక్కొక్కరి తల దువ్వి, చెమట తుడిచి, పౌడరు అద్ది, టై లేనివాడికి మా ఎలాస్టిక్ టై తగిలించి కూర్చోబెడతాను. ఆ టై ఎంతమంది మెడలకు పడిందో దానికే తెలియదు. ఆయన కెమెరా స్టాండు మీద అడ్డంగా బిగించేసి, ఇక కదపకుండా, "గడ్డం పైకి, నాన్నా" అని ఒక్క మాట అని ఫ్లాష్ కొడతాడు. తరువాత కంప్యూటర్లో నిలువుగా కత్తిరించుకుంటాడు. మధ్యాహ్నం బెల్లు లోపల బడి మొత్తం అయిపోవాలి. లేకపోతే సార్లు మొహం మాడ్చుకుంటారు.

ఇంటికి వచ్చాక టచింగు. మా దగ్గర ఆ పని లేకుండా ఏ ఫోటో బయటికి పోదు. ముందు ఆయన ఒక్కో మొహాన్నీ చేత్తో దిద్దేవాడు. తరువాత ఎవరో ఒక బటన్ నేర్పించారు. అది నొక్కితే ఆ ఫోల్డర్లో ఉన్న పిల్లలందరూ తెల్లబడతారు. చర్మం నున్నగా అయిపోతుంది, ముక్కు సన్నబడుతుంది, కళ్ళు పెద్దవవుతాయి, దవడ లోపలికి పోతుంది. మచ్చలూ పుట్టుమచ్చలూ పోతాయి. మా ఊరి జనానికి అదే కావాలి. ఒకసారి టచింగు చేయకుండా కార్డులు ఇస్తే పులివెందులలో ఒక తల్లి బడికి వచ్చి మా ఆయనను నిలబెట్టి అడిగింది.

"ఏందప్పా, నా బిడ్డను బొగ్గుల బట్టీలో కూచోబెట్టి తీసినావా?"

"పాప ఎట్లుంటే అట్లనే తీసినా గదమ్మా."

"ఎట్లుంటే అట్ల తీసేదానికి నువ్వెందుకు, అద్దం చాలదా!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ తరువాత మాత్రం బటన్ నొక్కకుండా ఒక్క కార్డు కూడా ఇవ్వలేదు.

ఇలాంటివాడు అనుకుని ఆయనను తక్కువగా చూడొద్దు. చిన్నప్పుడు దస్తగిరి సాయిబు స్టూడియోలో పని నేర్చుకున్నాడు. రీళ్ళ కాలం అది. ఆ స్టూడియోకు ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉండేదట. సాయిబు ఆ కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో పెట్టి తీసేవాడట. "నీడ లేకపోతే మొగానికి ఎముక యాడుంటాదిరా" అనేవాడట. మా పెళ్ళైన కొత్తలో ఆయన నన్ను అట్లా ఒక ఫోటో తీశాడు. అందులో నా ముక్కు నా ముక్కులాగే ఉంది. నేను ఏడ్చాను, బాగాలేనని. ఇప్పుడు దాన్ని చూసుకుంటే అది నేనే అనిపిస్తుంది. మిగతా వాటిలో ఎవరో.

ఇక అసలు సంగతి.

జమ్మలమడుగులో మేము వెళ్ళే బడికి హాస్టలు ఉంది. కిందటేడు దసరా సెలవులయ్యాక ఆ బడిలో చిన్నపిల్లల కార్డులు ఇవ్వడానికి పోయాం. పదో తరగతి పాప ఒకటి స్టాఫ్ రూము బయట నిలబడి ఉంది. పేరు మహతి. వాళ్ళ నాయన శ్రీధర్ అదే బడిలో లెక్కల సారు. మా ఆయన చేతిలో మడిచిన కాగితం పెట్టి, "అంకుల్, ఇంటికి పోయి చదువుకోండి" అని చెప్పి పరిగెత్తింది.

"ఏమయ్యా, ఈ వయసులో నీకు చీటీలా?" అన్నాను.

"ఊరుకోమే. కార్డులో పేరు తప్పు పడిందేమో."

బస్సులో చదివి వినిపించమన్నాను. నాకు అక్షరాలు వస్తాయి గానీ కూడబలుక్కునేసరికి ఊరు వచ్చేస్తుంది. ఆయన చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇట్లా రాసింది.

"ఫోటోగ్రాఫర్ అంకుల్ గారికి నమస్కారం. ఈ సంవత్సరం మా పదో తరగతి ఇయర్ బుక్కులో అందరి బొమ్మలూ పెన్సిల్‌తో నేనే గీస్తున్నాను. చూసి గీయడానికి మీరు తీసిన కార్డు ఫోటోలు ఇచ్చారు. కోపం తెచ్చుకోవద్దు అంకుల్, వాటిని చూసి గీయలేకపోతున్నాను. ఫ్లాష్ ఎదురుగా పడింది కాబట్టి ముఖంలో నీడలు లేవు. నీడ లేకపోతే ముక్కు ఎంత ఎత్తో, చెంప ఎక్కడ తిరిగిందో తెలియడం లేదు. జుట్టు మొత్తం ఒకే నలుపు. కళ్ళద్దాల వాళ్ళకు కళ్ళ బదులు తెల్లని మెరుపు ఉంది. టచింగు వల్ల అందరి ముక్కూ ఒకటే అయింది. ఇప్పటికి తొమ్మిది మందిని గీశాను, అందరూ అక్కాచెల్లెళ్ళలా వచ్చారు. మగపిల్లలు కూడా.

మీకు వీలైతే మళ్ళీ తీయండి. ఫ్లాష్ లేకుండా కిటికీ పక్కన, వెలుగు ఒకవైపు నుంచి వచ్చేటట్లు. తల కొంచెం పక్కకు తిప్పించి. కెమెరా మా కళ్ళ ఎత్తులో పెట్టండి. మరీ దగ్గరగా రావద్దు, దగ్గరగా వస్తే ముక్కు పెద్దగా పడి చెవులు వెనక్కి పోతాయి. దూరం నుంచి జూమ్ చేయండి. పౌడరు వద్దని ఆంటీకి చెప్పండి. టచింగు వద్దు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ఇంకొకటి. పావనిని మళ్ళీ తీయలేరు కదా. దసరా సెలవులకు ఊరికి పోయి జ్వరంతో చనిపోయింది. మీ ఫోటోలో తన కనుబొమ మీది మచ్చ లేదు, పెదవి కింద పుట్టుమచ్చ లేదు, రంగు కూడా తనది కాదు. టచింగు చేయకముందు ఫోటో మీ దగ్గర ఉంటుంది కదా. అది ఒక్కటి ఇవ్వండి. మిగతా అందరివీ ఇవ్వకపోయినా అది ఇవ్వండి."

ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాత, "పౌడరు వద్దంట నీకు" అన్నాడు.

"నాకు చెప్పింది సరే, నీకు చెప్పింది ఏంది మరి?"

"నాకు సాయిబు చెప్పిందే చెప్పింది."

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ బడి ఫోల్డర్ తీశాడు. పావని ఫోటో ఉంది. నున్నగా, తెల్లగా, సన్నని ముక్కుతో. ముందుది లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మా మిషన్లో చోటు ఎప్పుడూ చాలదు. అందుకని ఆయన టచింగు చేసింది అదే పేరుతో పాతదాని మీదే సేవ్ చేస్తాడు. కొత్తది పైన పడితే పాతది పోతుంది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. పాతది ఎవరికైనా కావాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరూ అడగలేదు మరి.

మళ్ళీ తీయడం మాత్రం తీశాం. ప్రిన్సిపాలు మొదట ఒప్పుకోలేదు. "కార్డులకు తీసినవి ఉన్నాయి గదప్పా, బొమ్మలకు వేరే ఫోటోలేంది, పరీక్షలు ముందర పెట్టుకొని" అన్నాడు. శ్రీధర్ సారు మధ్యలో పడి తన క్లాసు పీరియడ్లు ఇచ్చాడు. లైబ్రరీలో పొడుగాటి కిటికీ ఉంది. ఎండ తిన్నగా పడకుండా ఆయన దానికి మా తెల్ల దుప్పటి కట్టాడు. నీడవైపు మరీ చీకటి కాకుండా థర్మోకోల్ అట్ట ఒకటి నా చేతికి ఇచ్చి, "మొగం దగ్గరికి తే, ఇంకా, ఆఁ, చాలు" అన్నాడు. వెనక నీలం గుడ్డ తీసేసి బూడిద రంగు దుప్పటి వేశాడు, నల్లని జుట్టు విడిగా కనపడాలని. కళ్ళద్దాల పిల్లలను గడ్డం కొంచెం దించమన్నాడు, మెరుపు పోయింది. ప్రతి ఒక్కరినీ ఎదురుగా ఒకటి, పక్కకు తిప్పి ఒకటి తీశాడు.

పిల్లలు ఎంత గోల చేశారో!

"అంకుల్, వీడికి నీడవైపే తీయండి, వెలుగు దండగ!"

"రేయ్, నీ ముక్కుకు రెండు ఫోటోలు అవసరంరా, ఒకదాంట్లో పట్టదు!"

బుష్రా అనే పాప ఒకటి నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. "ఆంటీ, కొంచెం పౌడరు వెయ్యరా, మా అమ్మ చూస్తే తిడ్తాది."

"మీ మహతి వద్దన్యాది. పోట్లాడితే దాంతో పోట్లాడు."

"దానికేం, అది తెల్లగుండాది!" అని నవ్వుకుంటూ వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు ఆయన మొహం చూడాలి. పెళ్ళైనప్పటి మనిషిలా ఉన్నాడు. కెమెరా వెనక తెర మీద మహతికి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. ఆ పాప, "అంకుల్, ఇది చూడండి, బుష్రా చెంప తిరిగింది కనపడుతుంది" అని ఎగిరింది. ఆ తరువాత మెల్లగా అడిగింది.

"అంకుల్, పావనిది?"

"ఎతుకుతాండా పాపా" అన్నాడు. అంతసేపూ ఉన్న వెలుగు ఆయన మొహంలోంచి పోయింది.

వెతకడానికి ఒకటే దారి ఉంది. కెమెరాలో వేసే మెమరీ కార్డు. దాంట్లోంచి ఫోటోలు తుడిచేసినా మొత్తం పోవట, పైన కొత్తవి పడేదాకా అడుగున ఉంటాయట. కానీ ఆ కార్డు మీద అప్పటికే ఒక ఓణీల ఫంక్షను, ఒక గృహప్రవేశం పడ్డాయి. అయినా ఆయన చీటీ వచ్చిన రోజే దాన్ని తీసి గుడ్డలో చుట్టి, ఇంకెవరూ ముట్టకూడదని సామాను పెట్టెలో దాచాడు, లైబ్రరీలో వేరే కార్డుతో తీశాడు, తరువాత దీన్ని హర్ష దగ్గరికి తీసుకుపోయాడు. హర్షకు మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది.

"మామా, దీంట్లో ఇంకేం తీయలేదు గదా?"

"ఆ పాప చీటీ ఇచ్చిన కాడ్నుంచి ముట్టలేదు."

"దానికి ముందర?"

ఆయన గుడ్డ విప్పి కార్డు బల్ల మీద పెట్టాడు. హర్ష కార్డు పెట్టి వెతికే ప్రోగ్రాం ఏదో తిప్పాడు. మేము ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఫోటోలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఓణీల పిల్ల, పాలు పొంగే గిన్నె, ఎవరిదో చెయ్యి, ముక్కలు ముక్కలు. చివరలో నీలం గుడ్డ కనపడింది. మా ఆయన లేచి నిలబడ్డాడు.

పావని. పైనుంచి మొదలైంది. నేనే దువ్విన తల, మధ్య పాపిడి. నుదురు. గోధుమ రంగు కాదు, చామనచాయ కూడా కాదు, మంచి నలుపు. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని చిన్న గీత. అదే మచ్చ. కనురెప్పల పైభాగం. అంతే. అక్కడినుంచి కిందికి బూడిద రంగు పలకలా అయిపోయింది. ముక్కు లేదు, పెదవులు లేవు, పుట్టుమచ్చ లేదు.

"కిందిది రాలేదేందిరా?" అన్నాడు మా ఆయన.

"ఫైలు పైనుంచి కిందికి రాసుకుంటాది మామా. సగం కాడ ఓణీల ఫంక్షను పడింది. పడిన కాడ లేదు."

"ఇంకేదన్నా ప్రోగ్రాం?"

"ఉన్నదాన్ని తీసే ప్రోగ్రాం ఉంటాది గానీ, లేనిదాన్ని తీసేది ఉండదు మామా."

ఒకటి మాత్రం దొరికింది. కెమెరా ప్రతి ఫోటోతో పాటు చిన్న నమూనా కూడా దాస్తుందట, తెర మీద చూపించడానికి. అందులో పావని మొత్తం ఉంది. మొహం కందిగింజంత. హర్ష దాన్ని పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా అయింది. నల్లని గళ్ళు కళ్ళట, ముదురు గళ్ళు నోరట. బడికి తీసుకుపోయి చూపిస్తే మహతి, "రంగు మాత్రం తెలిసింది అంకుల్" అంది. 

"నీకు జ్ఞాపకం ఉంటాది గదా పాపా, దాంతో గీ" అన్నాను నేను. ఒకే బెంచీలో కూర్చున్న పిల్లలు మరి.

"ఉంది ఆంటీ. కళ్ళు మూసుకుంటే వస్తాది. పెన్సిల్ పెడితే ఆ కార్డు ఫోటోనే వస్తాంది. దాన్నే చూసి చూసి, అది ఆ జ్ఞాపకం మీద పడింది."

నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో అని.

బడిలో వేరే ఫోటోలు ఏమైనా ఉన్నాయేమో అడిగాం. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఆగస్టు పదిహేనుకు సార్లు తీసినవాటిలో పావని వెనక వరసలో ఉంది, ముందర ఒకమ్మాయి జెండా ఊపుతోంది, జెండా సరిగ్గా మొహానికి అడ్డం. గ్రూపు ఫోటో ఎప్పుడూ ఫిబ్రవరిలోనే తీస్తారు. ఇక మిగిలింది వాళ్ళ ఇల్లు.

ఒక ఆదివారం మహతిని తీసుకుని మేమిద్దరం పులివెందుల బస్సు ఎక్కాం. అక్కడినుంచి షేర్ ఆటో. తుమ్మలపల్లె వైపు పోయే దారిలో, గని లారీలు తిరిగే రోడ్డు మీంచి లోపలికి పోతే వాళ్ళ ఊరు. గొర్రెలు మేపుకునే ఇళ్ళు. నాయన వెంకటేశు మందతో వేరే ఊరి చేలకు పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదట. తల్లి గురమ్మ ఒక్కతే ఉంది. మేము ఎవరమో చెబితే మంచం వాల్చింది.

గోడకు ఫోటో ఉంది. అదే. బడివాళ్ళు ఆ కార్డు ఫోటోను పెద్దది చేయించి ఫ్రేము కట్టించి ఇచ్చారు. దండ వేసి ఉంది. తెల్లని మొహం, సన్నని ముక్కు.

మా ఆయన దాన్ని చూసి తల దించుకుని, "నేనే తీసినాను తల్లీ అది" అన్నాడు.

"నువ్వేనాప్పా?" గురమ్మ ఆయనను కిందనుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "శానా తెల్లగ చేసినావు. మా అత్త చూసి, ఇది ఎవురి బిడ్డే, మారిపోయి వచ్చిందా అన్యాది. దినామూ పూలు పెడ్తాండా. పెడ్తాంటే ఎవురికో పెట్టినట్లుంటాది."

"ఇంట్లో ఇంకేమన్నా ఫోటో ఉందా అమ్మా?" అని మహతి అడిగింది.

"ఆధార్ కార్డులో ఉంది, చంటిపాపప్పటిది. వాళ్ళ నాయన ఫోన్లో ఉండె. ఆ ఫోను మందతో పోయినప్పుడు వంక నీళ్ళలో పడింది." లేస్తూ, "పొయిందిలే" అంది.

ఆధార్ కార్డు తెచ్చింది. అందులో ఏడుస్తున్న చిన్నపాప. దానికి మచ్చ కూడా అప్పటికి లేదు. మచ్చ ఎట్లా వచ్చిందో గురమ్మ చెప్పింది. గొర్రెపిల్లను ఎత్తుకోబోతే పొట్టేలు కుమ్మిందట. నెత్తురు కారుతున్నా గొర్రెపిల్లను వదల్లేదట. చెబుతూ నవ్వింది కూడా.

మహతి అట్ట తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని గురమ్మ చెబుతుంటే గీయడం మొదలుపెట్టింది.

"ముక్కు ఎట్లుంటాదమ్మా?"

"నా మాదిరే. కాదు కాదు, వాళ్ళ నాయన మాదిరి. ఈడ కొంచెం లావు."

గీసి చూపించింది. గురమ్మ చాలాసేపు చూసింది. "ఇంత లావు కాదు పాపా." రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసింది. "ఇది మా చెల్లెలు మాదిరుంది." మళ్ళీ. "నోరు నవ్వినప్పుడు ఒక పక్క పోతాది. ఆ పక్క కాదు, ఈ పక్క. యాపక్కో..." చెయ్యి గాలిలో ఆగిపోయింది. తన నోటినే తడుముకుంది. "చూసినావా, మర్చిపోతాండా. దినామూ ఈ గోడ మీది పాపనే చూసి చూసి, నా బిడ్డ మొగం మర్చిపోతాండా."

మహతి పెన్సిల్ కింద పెట్టేసింది. కాగితం మీద రబ్బరు రుద్ది రుద్ది మొహం ఉండాల్సిన చోట నూగు లేచిపోయింది.

అప్పుడు మా ఆయన సంచిలోంచి హర్ష తీసిన ముక్కను ప్రింటు వేసిన కాగితం తీశాడు. చూపించాలా వద్దా అని దారి పొడుగునా నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేను వద్దన్నాను. చూపించాడు.

గురమ్మ దాన్ని పట్టుకుని కిందనున్న బూడిద రంగును అరచేత్తో మూసేసింది. నుదురు, కనుబొమలు మాత్రమే కనపడుతున్నాయి. మచ్చ మీద బొటనవేలు పెట్టింది.

"ఇదో! ఇదీ నా బిడ్డ. ఈడిదాకా నా బిడ్డే." చెయ్యి తీసేసి ఆయన వైపు చూసింది. "కిందికి తియ్ అప్పా. కింద గూడా తియ్."

ఆమె అది తెర అనుకుంది. లాగితే వచ్చేది అనుకుంది. 

"లేదమ్మా. దాని మీద వేరేది పడింది."

"ఏం పడింది?"

ఓణీల ఫంక్షను అని ఎట్లా చెబుతాడు? "నా తప్పుతో పోయింది తల్లీ" అన్నాడు.

గురమ్మ ఆ మాట వినలేదనుకుంటా. కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తూ ఉంది, వెనకనుంచి ఏమైనా కనపడుతుందేమో అని.

ఇయర్ బుక్కు మార్చిలో వచ్చింది. మహతి బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. ఒక్కొక్కరి ముక్కు ఒక్కొక్కరిదే. బుష్రా వాళ్ళమ్మ బొమ్మ చూసి, నల్లగా గీసిందని తిట్టి, ఆ పేజీని మాత్రం లామినేషన్ చేయించి దాచుకుందట. పావని పేజీకి మహతి నుదురూ కనుబొమలూ మచ్చా గీసి, కింద కాగితం ఖాళీగా వదిలింది. ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు. "సగం మొగమేంది, అశుభం, చూసినోళ్ళు ఏమనుకుంటారు" అని, ఆ పేజీ తీసేసి కార్డు ఫోటోనే వేయించాడు. అందరూ పెన్సిల్ బొమ్మలు, ఆ పాప ఒక్కతి రంగు ఫోటో. తెల్లగా, నున్నగా. మహతి ఆ రోజు బడికి రాలేదని శ్రీధర్ సారు ఫోన్లో చెప్పాడు.

మా ఆయన ఇప్పుడు ముందరి ఫోటోలు ఒక్కటీ తుడవడు. పెద్ద హార్డ్ డిస్కు కొన్నాడు, పిల్లల మొహాలు ఎట్లున్నవి అట్లా దాంట్లో పడి ఉంటాయి. బటన్ నొక్కకుండా కార్డులు ఇస్తానని రెండు బళ్ళలో అన్నాడు. ఆ రెండు బళ్ళూ ఈ ఏడు ఎర్రగుంట్ల నుంచి వేరేవాళ్ళను పిలుచుకున్నాయి. మిగతావాటికి నొక్కుతున్నాడు. నొక్కేటప్పుడు పక్కకు చూస్తాడు.

జూన్లో గురమ్మ మా స్టూడియోకు వచ్చింది. ఫ్రేము గుడ్డలో చుట్టుకుని, బస్సు మారి, అడుగుతూ అడుగుతూ వచ్చింది. పైముక్కను ఈ ఫ్రేము కొలతకు సరిగ్గా వేసి ఇమ్మంది. ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన కొలిచి ప్రింటు తీశాడు. ఆమె కత్తెర అడిగి బూడిద రంగు మొత్తం కత్తిరించేసింది. మేకులు ఊడదీయించి, ఆ నుదురు ముక్కను అద్దం కింద గోడ ఫోటో నుదురు మీద పెట్టించింది.

రెండూ ఒకే ఫోటోలోంచి వచ్చినవే కదా, పాపిడి పాపిడికి సరిపోయింది. కానీ పైన నల్లని నుదురు, మచ్చ. కింద తెల్లని చెంపలు, ఎవరిదో ముక్కు. మధ్యలో కత్తెర గీత. నేను చూడలేక పొయ్యి దగ్గరికి పోయి టీ పెట్టాను.

గురమ్మ మాత్రం దాన్ని ఒడిలో పెట్టుకుని కిందిసగం కొంగుతో కప్పి చూసుకుంది.

"పైది చాలప్పా ఇప్పటికి" అంది లేస్తూ. "కిందిది దొరికినప్పుడు చెప్పు. నేనే వస్తా. నువ్వు అంత దూరం రావద్దు."

ఆయన అది దొరకదని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"సరేనమ్మా" అన్నాడు.

ఆమె మా ఫోను నంబరు చీటీ మీద రాయించుకుని పోయింది. అప్పటినుంచి ఫోను మోగినప్పుడల్లా ఆమె అనుకుని ఆయన నన్నే ఎత్తమంటాడు.